ఎండాకాలం గదిలో గ్రాఫిక్స్ కార్డ్ అండర్‌వోల్టింగ్: మొదటి నుంచి చివరిదాకా

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, తెలిసినవాళ్లంతా ఒకే మాట అడుగుతారు. "గేమ్ పెడితే కార్డు 80 డిగ్రీలు దాటుతోంది, ఫ్యాను హోరెత్తిపోతోంది, గదిలో కూర్చోలేకపోతున్నాం. ఏం చేయాలి?" కొత్త కేబినెట్ కొనక్కర్లేదు, కార్డు విప్పి థర్మల్ పేస్ట్ మార్చక్కర్లేదు. ముందు వోల్టేజ్ తగ్గించి చూడండి.

ఇక్కడ చెప్పేదంతా నా దగ్గరున్న ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 టీఐ మీద, విండోస్‌లో చేసినది. కార్డు ఉన్నది డాబా కింది పై గదిలో. మే నెల మధ్యాహ్నం ఏసీ వేయకపోతే ఆ గది 36 డిగ్రీలకు తక్కువ ఉండదు. మిగతా ఎన్విడియా కార్డులకూ పద్ధతి ఇదే, అంకెలే వేరు. ఏఎండీ, లినక్స్ వాళ్ల కోసం చివర్లో కొంచెం చెప్పాను.

## 1. అసలు ఏం మారుస్తున్నాం

కార్డులోని చిప్పుకు ఒక పట్టిక ఉంటుంది. ఇంత వోల్టేజ్ ఇస్తే ఇంత వేగంతో నడవాలి అని అందులో ఉంటుంది. దాన్ని గీతగా గీస్తే వచ్చేదే వోల్టేజ్-ఫ్రీక్వెన్సీ కర్వ్. ఒకే మోడల్‌లో వచ్చే లక్షల చిప్పుల్లో నాసిరకంది కూడా తడబడకుండా నడవాలి కాబట్టి తయారీదారు ఈ పట్టికలో వోల్టేజ్‌ను కాస్త ఎక్కువగానే పెడతాడు. మీ చిప్పుకు అంత అవసరం లేకపోవచ్చు. ఆ అదనాన్ని తీసేయడమే అండర్‌వోల్టింగ్.

చిప్పు తాగే కరెంటుకు ఉజ్జాయింపు సూత్రం ఇది:

```
P ∝ f × V²
```

వేగం పదో వంతు తగ్గిస్తే వాట్లూ దాదాపు పదో వంతే తగ్గుతాయి. వోల్టేజ్ పదో వంతు తగ్గిస్తే మాత్రం 0.9 × 0.9 = 0.81, అంటే ఐదో వంతు దాకా పోతుంది. అందుకే మన చేయి పెట్టాల్సింది వోల్టేజ్ మీద.

నా కార్డు మామూలుగా 1.012 వోల్టుల దగ్గర 1875 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. దాన్ని 0.862 వోల్టుల దగ్గర 1800కు దించాను. లెక్క వేస్తే చిప్పు వరకు సుమారు 30 శాతం తగ్గాలి. కార్డు మొత్తం మీద అంత కనిపించదు. మెమరీ, ఫ్యాన్లు, పవర్ సర్క్యూట్ తినేది ఈ మార్పుతో పెద్దగా తగ్గదు కదా. నాకు 199 వాట్లు కాస్తా 156కు వచ్చాయి.

ఆ 43 వాట్ల తేడా చిన్నదేం కాదు. కార్డు తాగిన ప్రతి వాటూ చివరికి వేడిగా మారి మీ గదిలోకే వస్తుంది. రోజుకు 5 గంటలు ఆడితే నెలకు ఆరున్నర యూనిట్ల దాకా మిగులుతుంది. 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లకు మించి మోయలేవు. అలాంటిది పెట్టుకున్నవాళ్లకు ఇంకో లాభం ఉంది. గేమ్ మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ ఓవర్‌లోడ్ అంటూ అరిచే ముప్పు తగ్గుతుంది.

పవర్ లిమిట్‌ను 75 శాతానికి లాగితే సరిపోదా అని అడుగుతారు. సరిపోతుంది, కానీ అప్పుడు కార్డు పాత పట్టిక మీదే కిందికి జారుతుంది. అంటే ఎక్కువ వోల్టేజ్ తీసుకుంటూనే వేగం పోగొట్టుకుంటుంది. పట్టికనే మారిస్తే వేగం దాదాపు నిలుస్తుంది, వాట్లు తగ్గుతాయి. ఓపిక లేని రోజున పవర్ లిమిట్ వాడండి, తప్పేం లేదు.

## 2. మొదలుపెట్టే ముందు

ముందు దుమ్ము దులపండి. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుని ఉంటే మీరు కొలిచే ప్రతి అంకె అబద్ధమే చెబుతుంది. సిస్టమ్ ఆపి, ప్లగ్ పీకి, బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు కార్డు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి. గాలికి అవి విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

తర్వాత ఈ మూడూ దించుకోండి:

- ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్. కార్డు ఏ కంపెనీదైనా పనిచేస్తుంది. ఎంఎస్ఐ సొంత సైటు నుంచి గానీ గురు3డీ నుంచి గానీ మాత్రమే తీసుకోండి. ఈ పేరుతో నకిలీ సైట్లు చాలా ఉన్నాయి.
- HWiNFO64. వోల్టేజ్, వాట్లు, వేడి అన్నీ ఒకేచోట చూడటానికి. తెరిచేటప్పుడు Sensors-only టిక్ పెట్టుకోండి.
- యూనిజిన్ సూపర్‌పొజిషన్. ఉచితంగా దొరికే బెంచ్‌మార్క్. ప్రతిసారీ ఒకే బరువు పెట్టి పోల్చుకోవడానికి.

ఇవి కూడా చూసుకోండి:

- కార్డు కంపెనీ ఇచ్చిన ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే మూసేయండి, విండోస్‌తో పాటు తెరుచుకోకుండా ఆపండి. రెండు ప్రోగ్రాములు ఒకే కర్వ్ మీద చేయి పెడితే ఏది నెగ్గిందో తెలియదు.
- ఎన్విడియా యాప్‌లో ఆటోమేటిక్ ట్యూనింగ్ ఉంటే ఆపేయండి.
- ఇంతకుముందు ఓవర్‌క్లాక్ చేసి ఉంటే రీసెట్ నొక్కి అంతా మొదటికి తీసుకురండి.
- గదిలో ఒక థర్మామీటర్ పెట్టండి. గోడ గడియారంలో వచ్చేదైనా చాలు.

వారంటీ గురించి భయపడేవాళ్లకు ఒక మాట. మనం కార్డు బయోస్‌ను ముట్టుకోవడం లేదు. ఇక్కడ చేసేదంతా సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, ఆఫ్టర్‌బర్నర్ తీసేసి రీస్టార్ట్ చేస్తే పోతుంది. వోల్టేజ్ తక్కువైతే గేమ్ పడిపోతుందే తప్ప చిప్పు కాలిపోదు.

## 3. ఇప్పుడున్న లెక్క రాసుకోండి

చాలామంది ఈ పని వదిలేస్తారు, తర్వాత "తగ్గినట్టే ఉంది" అంటారు. ఎంత తగ్గిందో చెప్పలేరు.

ఏసీ ఆపి, మామూలుగా మీరు ఆడే సమయంలో, కేబినెట్ తలుపు వేసి సూపర్‌పొజిషన్‌ను 1080p Extremeలో పెట్టి, అయిపోగానే మళ్లీ మొదలుపెడుతూ 15 నిమిషాలు నడపండి. కార్డు వేడి ఒకచోట నిలవడానికి అంత సమయం పడుతుంది. మూడో నిమిషంలో చూసిన అంకె నమ్మకండి.

HWiNFO64లో రాసుకోవాల్సినవి:

- GPU Temperature, GPU Hot Spot Temperature, అంటే చిప్పులో అన్నింటికంటే వేడిగా ఉన్న చోటు
- GPU Core Voltage
- GPU Clock, GPU Effective Clock
- GPU Power
- ఫ్యాన్ ఆర్‌పీఎం
- బెంచ్‌మార్క్ స్కోరు
- గది ఉష్ణోగ్రత

నా అంకెలు: గది 36, కార్డు 78, హాట్‌స్పాట్ 91, ఫ్యాన్లు 2150 ఆర్‌పీఎం, 199 వాట్లు.

ఇందులో అసలు చూడాల్సింది 78 కాదు, 78కీ 36కీ మధ్య ఉన్న 42. ఫ్యాన్ వేగం, వాట్లు అవే ఉంటే గది ఎంత పెరిగితే కార్డూ దాదాపు అంతే పెరుగుతుంది. చలిదేశాల వీడియోల్లో 21 డిగ్రీల గదిలో కూర్చుని "నా కార్డు 63 దాటదు" అంటారు. వాళ్ల తేడా కూడా 42నే. మన గది 15 డిగ్రీలు ఎక్కువ, అంతే. కాబట్టి ఎప్పుడు పోల్చినా గదిని తీసేసి, మిగిలిన తేడాను చూడండి.

కార్డుకూ హాట్‌స్పాట్‌కూ మధ్య 10 నుంచి 15 డిగ్రీలు మామూలే. అది 25 దాటితే పేస్ట్ ఎండిపోయిందో, హీట్‌సింక్ సరిగ్గా కూర్చోలేదో చూసుకోవాలి. దాన్ని అండర్‌వోల్టింగ్ కప్పిపుచ్చుతుంది కానీ నయం చేయదు.

## 4. కర్వ్ మార్చడం

ఆఫ్టర్‌బర్నర్ తెరవండి. గేమ్‌లు, బెంచ్‌మార్క్ అన్నీ మూసేసి కార్డును చల్లబడనివ్వండి. వేడిని బట్టి ఈ గీత కాస్త పైకీ కిందికీ జరుగుతుంది. అందుకని ఎప్పుడు మార్చినా ఖాళీగా ఉన్నప్పుడే మార్చడం అలవాటు చేసుకోండి.

1. Core Clock దగ్గర -250 కొట్టి, టిక్ గుర్తు ఉన్న Apply నొక్కండి. గీత మొత్తం కిందికి దిగుతుంది.
2. `Ctrl+F` నొక్కండి. కర్వ్ కిటికీ తెరుచుకుంటుంది. అడ్డంగా ఉన్నవి మిల్లీవోల్టులు, నిలువుగా ఉన్నవి మెగాహెర్ట్జ్.
3. అడ్డం గీత మీద 900 దగ్గరున్న చుక్కను పట్టుకుని 1800 దాకా పైకి లాగండి. మౌస్‌తో కచ్చితంగా ఆగకపోతే చుక్కను ఎంచుకుని కీబోర్డు పై బాణం, కింది బాణంతో సరిచేయండి.
4. మళ్లీ మొదటి కిటికీలో Apply నొక్కండి.

ఇప్పుడు ఆ చుక్కకు కుడివైపు ఉన్న గీతంతా 1800 దగ్గర బల్లపరుపుగా మారాలి. కార్డుకు ఇక 900 మిల్లీవోల్టులు దాటి వెళ్లాల్సిన పని లేదు, వెళ్లినా వేగం పెరగదు కదా.

కుడి చివర గీత ఇంకా పైకి లేచి ఉందంటే -250 మీ కార్డుకు చాలలేదన్నమాట. రీసెట్ చేసి -300తో మొదలుపెట్టండి. ఈ గీత 15 మెగాహెర్ట్జ్ మెట్లలో నడుస్తుంది కాబట్టి 1800 అడిగితే ఒక్కోసారి 1785 వస్తుంది, పట్టించుకోకండి.

కర్వ్ కిటికీలో చుక్క మీద ఉండగా `L` నొక్కితే కార్డు ఆ వోల్టేజ్ దగ్గరే బిగుసుకుంటుంది. పరీక్షకు పనికొస్తుందని కొన్ని వీడియోలు చెబుతాయి. దాన్ని తీయడం మర్చిపోతే ఖాళీగా ఉన్నప్పుడు కూడా వేగం దిగదు. డెస్క్‌టాప్ చూస్తూ కూర్చున్నా కార్డు వెచ్చగా ఉందంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

1800 ఎందుకు? 3060 టీఐకి కంపెనీ చెప్పే బూస్ట్ 1665 మెగాహెర్ట్జ్. 1800 దానికి పైనే ఉంది, పెట్టెలోంచి తీసినప్పటి అసలు వేగానికి కాస్త కింద ఉంది. మీది వేరే కార్డు అయితే మూడో భాగంలో రాసుకున్న వేగంలోంచి 75 నుంచి 100 మెగాహెర్ట్జ్ తీసేసి అక్కడ మొదలుపెట్టండి.

## 5. మెట్టు మెట్టుగా దిగడం

ఎవరో 850 అన్నారని నేరుగా 850 పెట్టకండి. మీ చిప్పు వేరు, వాళ్ల చిప్పు వేరు. వేగాన్ని 1800 దగ్గరే ఉంచి వోల్టేజ్ ఒక్కటే దించుతూ రండి. ప్రతి మెట్టు దగ్గరా నాలుగో భాగాన్ని రీసెట్ నుంచి మళ్లీ చేయండి. పాత గీత మీదే గీస్తూ పోతే గజిబిజి అవుతుంది.

900, 875, 862, 850 అనే క్రమం సరిపోతుంది. ఒక్కో మెట్టు దగ్గర సూపర్‌పొజిషన్ 10 నిమిషాలు నడపండి. నిలిస్తే తర్వాతి మెట్టు.

నా కార్డు ఎలా నడిచిందో చెబుతాను. 900 దగ్గర వాట్లు 168కి వచ్చాయి. ఈ ఒక్క అడుగులోనే సగానికి పైగా లాభం వచ్చేసింది. 875 దగ్గర 160. 850 దగ్గర 153, బెంచ్‌మార్క్ అరగంట నడిచినా చలించలేదు. అయిపోయింది అనుకుని ఆ రాత్రి రే ట్రేసింగ్ ఉన్న ఒక గేమ్ పెట్టాను. గంటా నలభై నిమిషాలకు, చప్పుడు చేయకుండా గేమ్ మూసుకుపోయి డెస్క్‌టాప్ వచ్చింది. మర్నాడు మళ్లీ పెట్టాను, మళ్లీ అదే. 862కు ఎక్కాక ఆ గేమ్ ఇక పడలేదు.

850కీ 862కీ మధ్య తేడా 3 వాట్లు. ఆ 3 వాట్ల కోసం రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. మీరు ఆ పని చేయకండి. పడిపోయిన మెట్టు తెలిశాక రెండు చిన్న మెట్లు పైకి వచ్చేయండి. ఎన్విడియా కార్డుల్లో ఒక్కో చిన్న మెట్టు 6.25 మిల్లీవోల్టులు, అందుకే తెర మీద 850, 856, 862, 868, 875 అని కనిపిస్తాయి.

## 6. నిలిచిందని ఎప్పుడు అనుకోవాలి

బెంచ్‌మార్క్ ఒక్కటే చాలదని పైన చెప్పిందాన్ని బట్టే అర్థమై ఉంటుంది. సూపర్‌పొజిషన్ చిప్పులోని కొన్ని భాగాలనే గట్టిగా వాడుతుంది. రే ట్రేసింగ్, డీఎల్‌ఎస్‌ఎస్ వాడే భాగాలు అందులో ఊరికే కూర్చుంటాయి. అవి కూడా పనిలోకి దిగినప్పుడు అదే వోల్టేజ్ చాలకపోవచ్చు.

ఈ వరుసలో చూడండి:

- సూపర్‌పొజిషన్ అరగంట.
- రే ట్రేసింగ్, డీఎల్‌ఎస్‌ఎస్ రెండూ ఉన్న గేమ్ ఒకటి, కనీసం రెండు గంటలు.
- బరువు తక్కువ ఉన్న పని: పాత గేమ్, గేమ్ మెనూ, వీడియో చూస్తూ బ్రౌజర్. బరువు ఒక్కసారిగా ఎక్కి దిగేటప్పుడే కొన్ని కర్వ్‌లు పడిపోతాయి.
- కార్డును బ్లెండర్‌లోనో వీడియో ఎడిటింగ్‌లోనో వాడితే అసలు ప్రాజెక్ట్ ఒకటి రెండర్ చేసి చూడండి. మూడు గంటల రెండర్ మధ్యలో ఆగితే గేమ్ ఆగిన దానికంటే బాధ ఎక్కువ.

ఫర్‌మార్క్ లాంటివి ఈ పనికి వద్దు. అవి కార్డును పవర్ లిమిట్‌కు తగిలించేస్తాయి, దాంతో వేగమూ వోల్టేజూ మీరు పెట్టిన చుక్క కిందికి దిగిపోతాయి. అంటే మీరు పరీక్షించాలనుకున్న చుక్క దగ్గర కార్డు ఉండనే ఉండదు.

HWiNFO64లో Performance Limit - Power అనే వరుస ఉంటుంది. మార్చక ముందు గేమ్‌లో అది Yes చూపిస్తుంది. మార్చాక No అయితే కార్డుకు ఇక పవర్ అడ్డు లేదని అర్థం. వేగం కూడా ఎగుడుదిగుడు లేకుండా ఒకే గీతలా ఉంటుంది.

## 7. పడిపోతే గుర్తుపట్టడం

వోల్టేజ్ చాలనప్పుడు కనిపించే లక్షణాలు దాదాపు ఇవే: గేమ్ ఏ సందేశమూ లేకుండా మూసుకుపోవడం, తెర ఒకట్రెండు క్షణాలు నల్లబడి తిరిగి రావడం, అరుదుగా సిస్టమ్ బిగుసుకుపోవడం.

నిజంగా కార్డే కారణమా, లేక గేమ్ లోపమా? `eventvwr.msc` తెరిచి Windows Logs > Systemలో ఆ సమయానికి ఏముందో చూడండి. అక్కడ `nvlddmkm` అనే పేరు కనిపిస్తే, ముఖ్యంగా 4101 సంఖ్యతో, డ్రైవర్ స్పందించడం మానేసిందన్నమాట. ఒక మెట్టు పైకి వెళ్లండి. ఆ పేరు ఎక్కడా లేకుండా ఒకే ఒక్క గేమ్ పడిపోతుంటే కార్డును రీసెట్ చేసి అదే గేమ్ ఆడి చూడండి. అప్పుడూ పడితే తప్పు మీది కాదు.

తెర మీద రంగురంగుల చుక్కలు, గళ్లు వస్తే అది సాధారణంగా మెమరీ వైపు సమస్య. Memory Clock మీద ఏమైనా పెంచి ఉంటే సున్నాకు తెచ్చేయండి. వోల్టేజ్, మెమరీ రెండూ ఒకే రోజు మార్చేవాళ్లకు ఏది పాడు చేసిందో ఎప్పటికీ తెలియదు.

ఒకసారి డ్రైవర్ పడిపోయాక మీ కర్వ్ ఎగిరిపోయి ఉండొచ్చు. అది గమనించకుండా ఆట కొనసాగించి "ఇప్పుడు బాగానే ఉందే" అనుకుంటారు. బాగుండేది పాత వోల్టేజ్ మీద నడుస్తోంది కాబట్టి. పడిన ప్రతిసారీ సిస్టమ్ రీస్టార్ట్ చేసి కర్వ్ మళ్లీ పెట్టండి.

## 8. తెర మీద 1800, లోపల 1740

దీన్ని చాలామంది చూడరు. GPU Clock అనేది కార్డు అడిగిన వేగం. GPU Effective Clock నిజంగా నడిచిన వేగం. మనం గీత మొత్తాన్ని 250 దించి ఒక్క చుక్కను పైకి లాగాం కాబట్టి ఆ చుక్కకు ఎడమవైపు నిట్టనిలువు గోడ ఏర్పడింది. ఆ గోడ వల్ల నిజం వేగం కాస్త తగ్గుతుంది.

నాకు 1800కి 1742 కనిపించింది. స్కోరు నూటికి ఐదు పడిపోయింది, ఇంత పోకూడదే అనిపించి వెతికితే ఇది దొరికింది.

సరిచేయడం తేలికే. కర్వ్ కిటికీలో మీ చుక్కకు వెంటనే ఎడమవైపున్న నాలుగైదు చుక్కలను మెట్లలా పైకి లాగండి. నా 862 చుక్క 1800 దగ్గర ఉంది కాబట్టి దాని పక్కన 856ను 1785కు, 850ని 1770కి, 843ని 1755కు, 837ని 1740కి తెచ్చాను. నిజం వేగం 1782కు వచ్చింది. స్కోరు నష్టం నూటికి రెండుకు తగ్గింది.

మరీ అత్యాశకు పోయి ఎడమవైపు గీతంతా ఎత్తేయకండి. తక్కువ వోల్టేజ్ దగ్గర ఎక్కువ వేగం అడిగినట్టవుతుంది, అప్పుడు గేమ్‌లో కాదు, యూట్యూబ్ చూస్తుండగా తెర నల్లబడుతుంది. అడిగిన వేగానికీ నిజం వేగానికీ తేడా 20, 30 మెగాహెర్ట్జ్ లోపు ఉంటే వదిలేయండి. ఈ మెట్లు మార్చాక ఆరో భాగంలోని పరీక్షలు మళ్లీ చేయాలి, తప్పదు.

## 9. మిగిలిన చల్లదనాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలి

ఫ్యాన్లను 2150 దగ్గరే బిగించి కొలిస్తే నా కార్డు 78 నుంచి 69కి దిగింది, గది అదే 36. లెక్కకు కూడా సరిపోతుంది: 42 డిగ్రీల తేడా 199 వాట్లకు అయితే, 156 వాట్లకు 33 రావాలి.

ఇక్కడ మీరు ఎంచుకోవాలి. ఆ 9 డిగ్రీలనూ ఉంచుకోవచ్చు, లేదా కొంత వదులుకుని ఫ్యాన్ చప్పుడు తగ్గించుకోవచ్చు. నేను రెండోదే చేశాను. 1600 ఆర్‌పీఎం దగ్గర కార్డు 73లో నిలిచింది, సీలింగ్ ఫ్యాన్ శబ్దం ముందు కార్డు శబ్దం వినబడటం మానేసింది. ఈ కార్డుకు ఆఫ్టర్‌బర్నర్‌లో మామూలుగా ఉండే వేడి పరిమితి 83, దానికి 10 డిగ్రీల ఎడం ఉంది. 73 కాబట్టి భయం లేదు.

Settings > Fanలో సొంత ఫ్యాన్ కర్వ్ పెట్టుకోండి. నాది ఇలా ఉంది:

- 45 డిగ్రీల దాకా 30 శాతం
- 65 దగ్గర 48 శాతం
- 73 దగ్గర 56 శాతం
- 80 దగ్గర 85 శాతం

ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే సదుపాయం మన వేసవిలో బెడదే. గది 38 ఉంటే కార్డు ఊరికే ఉన్నా 50 దాటుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, 45కు దిగగానే ఆగుతాయి, మళ్లీ తిరుగుతాయి. రాత్రంతా ఇదే. అందుకే నేను 30 శాతం దగ్గర ఎప్పుడూ తిరిగేలా పెట్టాను. అదే పేజీలో Temperature hysteresis అని ఉంటుంది, అక్కడ 5 పెట్టండి. వేడి 5 డిగ్రీలు దిగేదాకా ఫ్యాన్ వేగం తగ్గదు, కాబట్టి గుయ్ గుయ్‌మని ఎక్కి దిగడం ఉండదు.

## 10. సేవ్ చేయడం

రెండు మూడు రోజులు మామూలుగా వాడాకే ఇది చేయండి. ముందే విండోస్‌తో పాటు మొదలయ్యేలా పెట్టి, కర్వ్ నిలవకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తీయాల్సి వస్తుంది.

- ఆఫ్టర్‌బర్నర్‌లో సేవ్ గుర్తు నొక్కి 1 అంకె నొక్కండి. ఒక మెట్టు పైనున్న కర్వ్‌ను 2లో దాచుకోండి, అవసరానికి ఉంటుంది.
- విండోస్ బొమ్మతో ఉన్న Startup మీటను వెలిగించండి.
- Settingsలో Start with Windows, Start minimized టిక్ పెట్టండి.
- రీస్టార్ట్ చేసి, ఒక గేమ్ పెట్టి, GPU Core Voltage నిజంగా 0.862 దాటడం లేదని చూడండి.
- స్లీప్ నుంచి లేపాక ఒకసారి, డ్రైవర్ కొత్తది వేశాక ఒకసారి ఇదే చూడండి. కర్వ్ ఎగిరిపోయేది ఎక్కువగా ఈ రెండుచోట్లే.

## 11. ఏఎండీ, లినక్స్ వాళ్లకు

ఏఎండీలో వేరే ప్రోగ్రాం అక్కర్లేదు. డ్రైవర్‌తో పాటే వచ్చే అడ్రినలిన్ తెరిచి Performance > Tuningలో Custom ఎంచుకుని, GPU Tuning కింద వోల్టేజ్ మీటను 25 మిల్లీవోల్టుల చొప్పున తగ్గిస్తూ పరీక్షించండి. చిప్పుకు పైకప్పు వేసే ఎన్విడియా పద్ధతిలా ఇది ఉండదు. ఆర్‌ఎక్స్ 7000 వరుస కార్డుల్లో వోల్టేజ్ ఒక్కటే తగ్గిస్తే కార్డు మిగిలిన పవర్‌తో వేగం పెంచుకుంటుంది, వాట్లు తగ్గవు. వేడి తగ్గాలంటే దానితో పాటు Power Limit కూడా దించాలి. పడిపోతే అడ్రినలిన్ తనే అన్నీ మొదటికి తెచ్చేస్తుంది.

లినక్స్‌లో ఎన్విడియా కర్వ్‌ను ఇలా చుక్క చుక్కగా గీయడం కుదరదు. వేగానికి పైకప్పు వేస్తే కార్డు ఆ వేగానికి తగిన వోల్టేజ్‌కే ఆగుతుంది, అదే సగం పని చేస్తుంది:

```
sudo nvidia-smi -lgc 210,1700
sudo nvidia-smi -pl 160
```

వేగం పైకప్పు తీయడానికి `sudo nvidia-smi -rgc` చాలు. రీస్టార్ట్ చేస్తే పవర్ లిమిట్‌తో సహా రెండూ ఎలాగూ పోతాయి.

## 12. డిసెంబరులో మళ్లీ ఒకసారి

మే నెలలో నిలిచిన కర్వ్ చలికాలంలో పడిపోవడం విచిత్రంగా అనిపిస్తుంది కానీ జరుగుతుంది. కార్డు వేడెక్కే కొద్దీ తన గీతను 15 మెగాహెర్ట్జ్ చొప్పున కిందికి జరుపుకుంటుంది. మీరు చల్లగా ఉన్నప్పుడు 1800 పెట్టినా మే మధ్యాహ్నం 73 డిగ్రీల దగ్గర అది నిజానికి 1785 దగ్గర నడుస్తుంటుంది. మీరు పరీక్షించింది ఆ 1785నే.

డిసెంబరు పొద్దున గది 22 ఉన్నప్పుడు అదే కార్డు అంత వేడెక్కదు, అప్పుడు అదే వోల్టేజ్ మీద 1800 పూర్తిగా అడుగుతుంది. అంచు మీద పెట్టిన కర్వ్ అయితే అక్కడ దొర్లుతుంది. అప్పుడు 2లో దాచుకున్న ప్రొఫైల్ వేసుకోండి, మళ్లీ మార్చి నెల చివర్లో 1కి మారండి.